నిద్ర పట్టని రాత్రులు, నిద్రలేమి అనే జబ్బు

"నిద్ర పట్టడం లేదండీ" అని ఎవరైనా అన్నప్పుడు "ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని అడగడం మన అలవాటు. వైద్యుడు ముందుగా అడగవలసినది అది కాదు. ఎన్నాళ్ళుగా ఇలా ఉంది, వారంలో ఎన్ని రాత్రులు ఇలా గడుస్తున్నాయి, మర్నాడు పగలు ఎలా ఉంటోంది అన్నవి అడగాలి. ఐదున్నర గంటలు నిద్రించి, పగలంతా చురుకుగా పని చేసుకునేవారు కొందరున్నారు. వారికి ఏ జబ్బూ లేదు. ఎనిమిది గంటలు మంచం మీద గడిపి, అందులో మూడు గంటలు పైకప్పు చూస్తూ, మర్నాడు చిన్న మాటకే కసురుకునేవారి సంగతి వేరు.

దీర్ఘకాలిక నిద్రలేమి అని పేరు పెట్టడానికి వైద్యశాస్త్రంలో ఒక కొలత ఉంది. పడుకున్నాక నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం, తెల్లవారుజామున చాలా ముందే లేచిపోవడం, వీటిలో ఏదో ఒకటి వారానికి కనీసం 3 రాత్రులు, కనీసం 3 నెలల పాటు ఉండాలి. దానివల్ల పగటిపూట అలసటో, మతిమరుపో, చిరాకో, పనిలో పొరపాట్లో కలగాలి. నిద్రపోవడానికి తగినంత సమయమూ, ప్రశాంతమైన చోటూ ఉండి కూడా అలా జరుగుతూ ఉండాలి.

చివరి షరతును చాలామంది విస్మరిస్తారు. అమెరికా కాలమానానికి పని చేసి తెల్లవారి 4 గంటలకు పడుకుని, 9 గంటలకు మళ్ళీ ఫోను మోగితే లేచే యువకుడిది నిద్రలేమి వ్యాధి కాదు, అతనికి నిద్రపోయే అవకాశమే లేదు. చంటిబిడ్డ తల్లిదీ అంతే. వారికి కావలసింది మాత్ర కాదు, సమయం. అలాగే అరవై దాటినవారు రాత్రి ఒకటి రెండుసార్లు మూత్రానికి లేచి, పది నిమిషాల్లో మళ్ళీ నిద్రలోకి జారుకుంటే కంగారు పడనవసరం లేదు. వయసుతో నిద్ర పలచబడుతుంది. ఎంతసేపటికీ పట్టకపోవడం అంటే ఎంత అన్న సందేహం వస్తే, సుమారు అరగంట దాటితే అన్నది వాడుకలో ఉన్న కొలత.

ఇంతకూ 3 నెలలు అని ఎందుకు గిరి గీశారు? ఒకరి అనుభవం చెబితే సుబోధకంగా ఉంటుంది. ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను.

ఆవిడ యాభై నాలుగేళ్ళ గృహిణి. భర్తకు గుండె ఆపరేషను జరిగింది. ఆ నెలంతా ఆవిడకు నిద్ర లేదు. ఆయన దగ్గినా లేచేది, దగ్గకపోయినా లేచి ఊపిరి చూసేది. అది జబ్బు కాదు. ఇంట్లో అంత కష్టం వచ్చినప్పుడు మెదడు కాపలా కాస్తుంది. సాధారణంగా ఆ కష్టం తీరిన కొద్ది వారాలకు నిద్ర దానంతట అదే సర్దుకుంటుంది. రెండో నెలకు ఆయన పొద్దున్నే నడకకు వెళ్ళడం మొదలుపెట్టారు. ఆవిడ నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

ఈలోగా ఆవిడ చేసిన పనులు గమనించండి. పోయిన నిద్రను పూడ్చుకుందామని పదిన్నరకు పడుకునే మనిషి 9 గంటలకే మంచం ఎక్కింది. తెల్లవారుజామున కాసేపైనా పడుతుందేమోనని ఆరున్నర దాకా లేవలేదు. మధ్యాహ్నం గంటన్నర నడుం వాల్చింది. రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా ఫోనులో టైము చూసి, ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్క వేసుకుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకే గుండెల్లో బెదురు మొదలయ్యేది. ఆవిడ చెప్పిన మరో సంగతి నాకు కీలకంగా తోచింది. టీవీ ముందు కుర్చీలో కూర్చుంటే కళ్ళు మూతలు పడేవట. మంచం మీదికి వెళ్ళి దిండు మీద తల పెట్టగానే మత్తంతా వదిలిపోయేదట. అంటే ఆవిడ శరీరం నిద్రపోవడం మరచిపోలేదు. ఆ మంచానికీ మెలకువకూ ముడి పడింది, అంతే.

స్పీల్‌మన్ అనే అమెరికన్ నిద్రశాస్త్రజ్ఞుడు 1980లలో చెప్పిన సంగతి ఇదే. నిద్రను చెడగొట్టే కారణం ఒకటి, దాన్ని చెడిపోయిన స్థితిలోనే నిలిపి ఉంచే కారణం మరొకటి. మొదటిది తొలగిపోయినా, నిద్ర కోసం మనం పడే పాట్లే రెండోది అవుతాయి. 3 నెలలు దాటేసరికి తరచుగా ఈ రెండోదే మిగులుతుంది. అందుకే "టెన్షను తగ్గితే అదే పోతుంది" అన్న మాట మొదటి నెలలో సరైన సలహా, ఎనిమిదో నెలలో పనికిరాని సలహా.

ఆవిడ వచ్చింది ఎనిమిదో నెలలోనే. 14 రోజుల పాటు నోటుపుస్తకంలో రాయమన్నాను. ఎప్పుడు మంచం ఎక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మేలుకున్నారు, ఎప్పుడు లేచారు, పగలు పడుకున్నారా, కాఫీ ఎప్పుడు తాగారు. ఇది పొద్దున లేచాక అంచనాగా రాయాలి గాని రాత్రి గడియారం చూస్తూ కాదు. సగటున ఆవిడ మంచం మీద ఉన్నది తొమ్మిదిన్నర గంటలు, నిద్రించింది ఐదున్నర. నూటికి 58 పాళ్ళు. ఈ లెక్క 85 దాకా ఉంటే బాగున్నట్టు.

చికిత్స వినగానే ఆవిడ తెల్లబోయింది. మంచం మీద గడిపే సమయాన్ని 6 గంటలకు కుదించాం. రాత్రి పదకొండున్నరకు ముందు పడుకోకూడదు, ఎలా పట్టినా అయిదున్నరకు లేవాలి, పగటి కునుకు మానాలి. ఎంతకీ పట్టకపోతే లేచి ముందుగదిలోకి వెళ్ళి, మత్తు వచ్చాకే తిరిగి రావాలి. మొదటి పది రోజులు మునుపటికన్నా కష్టంగా గడిచాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగులు మధ్యలో వదిలేస్తారు. తరువాత నిద్ర ఒకచోట చేరి గట్టిపడింది. లెక్క 85 దాటిన వారమల్లా పావుగంట కలుపుతూ వచ్చాం. ఎనిమిదో వారానికి పదిమ్ముప్పావుకు పడుకుని, ఆరు గంటల నిద్రతో లేవసాగింది. వైద్య మార్గదర్శకాలు మాత్రలకన్నా ముందు సూచించే ప్రవర్తనా చికిత్సలో ఇది ప్రధాన భాగం. అయితే మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవారూ, బస్సులూ లారీలూ నడిపేవారూ దీన్ని సొంతంగా ప్రయత్నించరాదు. ఎవరికైనా మంచం మీది సమయాన్ని 5 గంటలకన్నా తగ్గించకూడదు.

మరి ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్ళాలి? 3 నెలలు నిండాలని వేచి ఉండనక్కరలేదు. నెల గడిచినా తగ్గకుండా, పగటి పనిని దెబ్బ తీస్తుంటే వెళ్ళండి. కొన్నిటికి ఆ నెల కూడా ఆగకూడదు. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి రావడం, రాత్రి పడుకోగానే కాళ్ళలో ఏదో పాకినట్టయి కదపకుండా ఉండలేకపోవడం. వీటిలో నిద్ర చెడడం లక్షణమే గాని మూలం మరోచోట ఉంది. తెల్లవారుజామున 3 గంటలకే లేచి, ఏ పని మీదా ఆసక్తి లేక దిగులుగా ఉంటే కుంగుబాటును అనుమానించాలి. బ్రతకాలని లేదన్న తలపు వస్తే ఆ రోజే వెళ్ళాలి. రోజుల తరబడి రెండు మూడు గంటలే పడుకున్నా అలసట లేకుండా విపరీతమైన ఉత్సాహం కనిపిస్తే అది కూడా మానసిక వైద్యునికి వెంటనే చూపవలసినదే. ఆ మనిషి తనంత తాను వెళ్ళడు, ఇంట్లోవారు తీసుకెళ్ళాలి.

వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకమూ, మీరు వాడే మందులన్నీ పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్లు, ఆయాసానికి వాడే కొన్ని మందులు, సాయంత్రం వేసుకునే మూత్రం మాత్ర కూడా నిద్రను చెడగొట్టగలవు. పక్కింటివారు చెప్పారని మందుల షాపులో కొని, నెలల తరబడి ఆల్ప్రజోలం వేసుకుంటున్న సంగతి ఉంటే దాచకండి. సిగ్గుపడి ఒక్కసారిగా మానేయకండి కూడా. అలా మానితే నిద్ర మరింత చెడడమే కాక కొందరికి ఫిట్స్ వస్తాయి. దాన్ని వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.