ఇస్తానన్న తేదీ

మాది రేపల్లె దగ్గర ఒక ఊళ్లో కిరాణా కొట్టు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి, గల్లాపెట్టె లెక్క చూసుకుని నాన్న పడుకునేవాడు. అప్పుడు నేను పాత లాప్‌టాప్‌ని బియ్యం బస్తా మీద పెట్టుకుని, వీడియోలు చూస్తూ ఎక్సెల్ నేర్చుకునేవాణ్ణి. డిగ్రీ అయి ఉద్యోగం రాని ఏడాది అది.

నేర్చుకోవడానికి ఒక కారణం ఉంది. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాడని అప్పుడే తెలిసింది. అంటే నెలకి 4,000 వడ్డీకే పోతోంది. "కొట్టు బాగానే నడుస్తోందిగా?" అంటే, "డబ్బంతా జనం దగ్గరుందిరా" అన్నాడు. ఏ జనం దగ్గర ఎంతుందో ఖాతా పుస్తకం ఒక్కొక్క పేజీగా చెప్తుంది తప్ప మొత్తంగా చెప్పదు.

పుస్తకమంతా ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం తేదీలతోనే సరిపోయింది. నాన్న రాసినట్టే రోజు, నెల, సంవత్సరం మధ్య చుక్కలు పెట్టి కొడితే, ఎక్సెల్ వాటిని తేదీలుగా తీసుకోలేదు. తీసివేత చేయబోతే గడిలో #VALUE! అని వచ్చేది. మామూలుగా తేదీ గడిలో కుడివైపుకి జరుగుతుంది, అక్షరాలు ఎడమవైపే ఉండిపోతాయి. ఆ తేడా పట్టుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. చుక్కలు తీసేసి గీతలు పెట్టాక, C గడిలో చివరిసారి డబ్బు కట్టిన తేదీ ఉంచి ఇది రాశాను:

```
=TODAY()-C2
```

తొంభై రోజులు దాటినవాళ్లకి ఎరుపు రంగు పెట్టాను. అందరికన్నా పైన ఒక కౌలు రైతు పేరు తేలింది. కట్టి తొమ్మిది నెలలైంది, బాకీ 9,600. నాన్నకి చెప్పకుండా ఫోన్ చేశాను. "తొమ్మిది నెలలైందండీ, ఇంకెప్పుడిస్తారు?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

మర్నాడు సాయంత్రం వచ్చి మొత్తం లెక్కపెట్టి గల్లా మీద పెట్టాడు. "మీ అత్త కమ్మలు బ్యాంకులో పెట్టాను బాబూ. పేజీ కొట్టెయ్" అన్నాడు. అది అక్టోబరు. పొలంలో వరి ఇంకా పొట్ట మీదుంది.

ఆయన వెళ్లాక నాన్న నన్ను తిట్టలేదు. "సంక్రాంతికి కడతాడురా. పదహారేళ్లుగా కడుతున్నాడు. ఆ తర్వాత తొలకరి దాకా నగదుకే కొంటాడు. అది నీ పెట్టెలో లేదా?" అని మాత్రం అడిగాడు. లేదు. ఆ గడి నేను పెట్టలేదు.

ఆ రాత్రి ఎరుపు వదిలేసి, రంగు పడనివాళ్లని చూశాను. వాళ్లలో ఒక ఉద్యోగి ఉన్నాడు. నెలకి సుమారు 4,000 సరుకు తీసుకెళ్తాడు, ఒకటో తారీఖున తప్పకుండా 3,000 కడతాడు. నెలనెలా కడతాడు కాబట్టి నా లెక్కలో మంచివాడు. కానీ పద్దెనిమిది నెలల్లో మిగిలిన వెయ్యిలన్నీ కలిసి 18,000 అయ్యాయి. మా సరుకు మీద సగటున నూటికి 8 మిగులుతుందని నాన్న అంచనా. D గడిలో బాకీ, E గడిలో నెల సరుకు పెట్టి చూశాను:

```
=E2*8%-D2*2%
```

ఆయన మీద మాకు నెలకి మిగిలేది 320. ఆయన బాకీకి మేం బయట కడుతున్న వడ్డీ 360. అంటే రోజూ నవ్వుతూ వచ్చే మనిషికి నెలకి 40 రూపాయలు ఎదురిచ్చి సరుకు అమ్ముతున్నాం. అలాంటి పేర్లు పదకొండు తేలాయి.

నాన్నకి స్క్రీన్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈయన మాస్టారు లాంటి మనిషిరా, ఎలా అడగను?" అన్నాడు. చివరికి ఇద్దరం కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. జీతాలవాళ్లు ఏ నెల ఖాతా ఆ నెలే తీర్చాలి, పాత బాకీ నెలకి 1,500 చొప్పున. ముగ్గురు అలిగి మానేశారు. మిగతావాళ్లు కట్టారు. రెండేళ్లలో వడ్డీ అప్పు తీరిపోయింది.

రైతుల కోసం ఫార్ములా మార్చాల్సిన పని పడలేదు. C గడిలో కట్టిన తేదీ తీసేసి, ఇస్తానన్న తేదీ పెట్టాను. అది నాన్ననే అడిగి రాయాలి. ఎవరికి వరి, ఎవరికి మినుము, ఎవరింట్లో ఆ ఏడు పెళ్లి ఉంది, అన్నీ ఆయనకే తెలుసు.

ఆ కౌలు రైతు మళ్లీ వస్తున్నాడు. ఆరు నెలలు రాలేదు, తర్వాత వచ్చాడు. కానీ నగదుకే కొంటాడు, అదీ కొంచెం కొంచెం. "ఖాతా రాస్తానండీ" అంటే, "వద్దులే బాబూ" అంటాడు. ఆయన వరస ఇప్పటికీ షీట్‌లో ఉంది. C గడి ఖాళీ.