తొంభై తొమ్మిదికి నాలుగు కలిపితే

సంక్రాంతికి పది రోజుల ముందు అక్కావాళ్ల తోటకు వెళ్లాను. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, చిన్నరసాలూ బంగినపల్లీ కలిసిన పాత తోట అది. పూత ఇంకా మొగ్గ మీదే ఉంది. తేనెమంచు పురుగుకు మందు కొడుతున్నారు. ఒక చెట్టు కింద నులకమంచం మీద మా మేనల్లుడు, ఒళ్లో డిసెంబరు 29 నాటి పేపరు. ఊళ్లో కుర్రాళ్ల సంక్రాంతి పోటీలకు ఈసారి మైకు వాడి చేతికొచ్చింది. అందుకని పేపర్లోని మ్యాచ్ కథనాన్ని ముందు పెట్టుకుని, దాన్నే ప్రత్యక్ష వ్యాఖ్యానంగా మార్చి చెప్పుకుంటూ సాధన చేస్తున్నాడు. ఎంచుకున్నది కూడా మంచి రోజే. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టిన రోజు, 2024 డిసెంబరు 28.

గొంతు బాగుంది వాడిది. "బోలాండ్ పరుగెత్తుకొస్తున్నాడు... ఓవర్లో ఆఖరి బంతి... లేపాడు నితీశ్... సిక్సర్! సరిగ్గా నూరు పరుగులు!" అని అరిచేసరికి మందు పైపు పట్టుకున్న ఆయన ఆగిపోయాడు. "సిక్సర్ కాదు బాబూ, ఫోరు. ఆ రోజు నేను చూశా" అన్నాడు.

వాడు నా వైపు చూశాడు. "ఊపు కోసం అన్నా మావయ్యా" అన్నాడు.

ఆఖరి బంతి అని పేపర్లో ఉందా అని అడిగాను. లేదన్నాడు. సరే, అసలు పేపర్లో ఏముందో ముందు రాసుకుందాం రమ్మని, షెడ్డులో నిరుటి మామిడికాయల అట్టపెట్టె ఒకటి పడి ఉంటే దాని మూత చింపి మార్కర్ ఇచ్చాను.

రాసింది ఇంతే. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్ 474. మూడో రోజు భారత్ 5 వికెట్లకు 164తో ఆట మొదలుపెట్టింది. 191 దగ్గర పంత్, 221 దగ్గర జడేజా వెళ్లిపోయారు. ఎనిమిదో వికెట్‌కు నితీశ్, వాషింగ్టన్ సుందర్ కలిసి 127 జోడించారు. సుందర్ 50 చేసి లయన్ బంతికి స్లిప్‌లో స్మిత్‌కు దొరికాడు. జట్టు 350, నితీశ్ 99 దగ్గర ఉండగా బుమ్రా 3 బంతులాడి సున్నాకే కమిన్స్ బంతికి స్లిప్‌లో ఖవాజాకు దొరికాడు. ఆ ఓవర్లో మిగిలిన మూడు బంతులూ సిరాజ్ కాచుకున్నాడు. బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి నితీశ్ సెంచరీ పూర్తి చేశాడు. ఆట ఆగేసరికి 9 వికెట్లకు 358. నితీశ్ 105, సిరాజ్ 2, ఇద్దరూ నాటౌట్.

"ఇప్పుడు నువ్వు చెప్పింది ఇందులో కలుపు" అన్నాను. ఫోర్‌కు ముందు నితీశ్ స్కోరు 99. సిక్సర్ అయితే 105. ఆట ముగిసేసరికి కూడా 105 కాబట్టి ఆ తర్వాత అతను ఒక్క పరుగూ తీయలేదని అర్థం. కానీ జట్టు 350 నుంచి 358కి వెళ్లింది. సిక్సర్‌తో 356, సిరాజ్ రెండుతో 358. "సరిపోయింది కదా మావయ్యా!" అన్నాడు సంబరంగా. నిజమే, మొత్తాలు సరిపోయాయి. అక్కడే ప్రమాదం ఉంది. మొత్తం సరిపోయినంత మాత్రాన జరిగింది చెప్పినట్టు కాదు. ఫోర్ అని రాసి ఉన్నప్పుడు ఫోరే. 99కి నాలుగు కలిపితే 103, జట్టు స్కోరు 354. తర్వాత నితీశ్ ఇంకో రెండు తీశాడు, సిరాజ్ రెండు తీశాడు, 358. ఇక వాడన్న "సరిగ్గా నూరు" ఏ లెక్కలోనూ నిలవదు. సిక్సరైనా ఫోరైనా నూరు అతను దాటాడే గాని నూరు దగ్గర ఆగలేదు.

సారాంశాన్ని వ్యాఖ్యానం చేయాలంటే అందులోని సంగతుల్ని మూడు కుప్పలుగా వేరు చేసుకోవాలి. రాసి ఉన్నవి మొదటి కుప్ప. ఎవరు, ఎవరి బంతికి, ఎలా, ఎంత. వీటిని ముట్టుకోకూడదు. రాసి లేకపోయినా లెక్క కడితే తేలేవి రెండో కుప్ప. సుందర్ ఔటయ్యేసరికి స్కోరు ఎంతని ఆ కథనంలో లేదు, కానీ 221కి 127 కలిపితే 348 వస్తుంది. ఫాలో ఆన్ తప్పాలంటే ఎంత కావాలో లేదు, కానీ 474కు 200 పరుగుల లోపు దూరంలోకి రావాలి కాబట్టి 275. అంటే జడేజా వెళ్లిపోయినప్పుడు ఇంకా 54 కావాలి, చేతిలో మూడు వికెట్లు. ఇక మూడో కుప్ప, మనకు తెలియనివి. ఆ ఫోర్ ఓవర్లో ఎన్నో బంతికి వచ్చింది, అప్పుడు మిడాన్‌లో ఎవరున్నారు, గాలి ఎటు వీస్తోంది. వీటి జోలికి వెళ్లకూడదు. మా వాడు ఊపు కోసం వెళ్లింది ఈ మూడో కుప్పలోకి. అసలు ఊపు ఉన్నది రెండో దాంట్లో.

చెప్పి చూపించాను. "సుందర్ వెళ్లిపోయాడు. 8 వికెట్లకు 348. నితీశ్ 97. మూడు పరుగులు కావాలి, పక్కన బుమ్రా." తర్వాత: "350. నితీశ్ 99. కానీ స్ట్రైక్‌లో ఉన్నది బుమ్రా! కమిన్స్ చేతిలో బంతి." తర్వాత: "స్లిప్‌లో ఖవాజా... పట్టేశాడు! 9 వికెట్లకు 350. వస్తున్నది సిరాజ్. ఇంకో వికెట్ పడితే 99 దగ్గరే ఆగిపోతుంది. కమిన్స్‌కు ఇంకా మూడు బంతులున్నాయి." ఇందులో ఒక్క విశేషణం లేదు, లేని సంగతీ లేదు. బుమ్రా మూడు, సిరాజ్ మూడు, ఆరు బంతుల ఓవర్ నిండింది. పైపు పట్టుకున్నాయన మళ్లీ పని ఆపి వింటున్నాడు. నిజానికి ఆయనకు ఫలితం ముందే తెలుసు.

ఈ పని కొత్తది కాదు. 1938లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్‌లో టెస్టులు ఆడుతుంటే సిడ్నీ రేడియో స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతలు ఆట చూడకుండానే రాత్రంతా వ్యాఖ్యానం చెప్పారు. ఇంగ్లండ్ నుంచి ఓవర్ ఓవర్‌కూ కేబుల్ సందేశం వచ్చేది. దాన్ని విప్పి చేతికిస్తే బంతి బంతిగా పలికేవారు. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు కోసం పెన్సిల్‌తో చెక్క మీద కొట్టేవారు, చప్పట్లకు రికార్డు వేసేవారు. గొంతు స్టూడియోది, చప్పుడు చెక్కది, పరుగులు మాత్రం మైదానానివి.

అమెరికాలోనూ బేస్‌బాల్‌కు ఇలాగే చేసేవారు. తర్వాత దేశాధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ 1930లలో అయోవాలోని ఒక రేడియోలో ఈ పనిలోనే ఉండేవాడు. ఒకసారి ఆట మధ్యలో తంతి తెగిపోయింది. ఏం జరిగిందో తెలియదు, మైకు మూగబోకూడదు. అందుకని బ్యాటర్ బంతి వెంట బంతి ఫౌల్ కొడుతున్నాడని ఆరు నిమిషాలకు పైగా లాక్కొచ్చాడు. ఫౌల్ బంతులు స్కోరు పట్టికకు ఎక్కవు కాబట్టి. తంతి కలిశాక తెలిసిందేమిటంటే ఆ బ్యాటర్ మొదటి బంతికే ఔటయ్యాడు. ఈ కథను రీగన్ తర్వాత తానే చాలాసార్లు చెప్పుకున్నాడు. క్రికెట్‌లో ఆ దారి కూడా లేదు. ప్రతి బంతీ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఒక బంతి ఎక్కువ పలికితే ఓవర్‌కు ఏడవుతాయి.

మరి సందేశం రానప్పుడు, అంటే సారాంశం ఏమీ చెప్పని చోట, ఏం చేయాలని మా వాడు అడిగాడు. తెలిసిన స్కోరు మళ్లీ చెప్పు అన్నాను. అప్పుడే వచ్చి కూర్చున్నవాడికి అదే కొత్త సంగతి. భాగస్వామ్యం ఎంతైందో చెప్పు. ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చారో గుర్తు చెయ్యి. బంతులు తెలియని ఓవర్లను "ఇద్దరూ నిలబడ్డారు" అని ఒక్క మాటతో దాటించు. తెలిసిన మూడు బంతుల్ని మాత్రం ఒక్కొక్కటిగా వెయ్యి.

ఇక భాష సంగతి. పేపరు భాష క్త్వార్థకాల మీద నడుస్తుంది. "బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి శతకం పూర్తి చేసిన నితీశ్" అని నాలుగు సంగతుల్ని ఒక్క మూటగా కడుతుంది. వ్యాఖ్యానం ఆ మూట విప్పాలి. ఒక్కో కొట్టి, ఒక్కో చేసి ఒక్కో వాక్యమవ్వాలి. "బోలాండ్ వస్తున్నాడు. వేశాడు. నితీశ్ లేపాడు, మిడాన్ మీదుగా..." తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి శ్రోత దాని కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపును భాషే ఉచితంగా ఇచ్చింది. ఫలితం తేలిన క్షణంలో మాత్రం వరస తిరగబడాలి. "ఫోర్! 103!" అని ముందు మాట, తర్వాతే మిగతా వాక్యం.

ఇంకొక తప్పు వాడే పట్టుకున్నాడు. మధ్యలో ఒకచోట "ఈ పోరాటం వృథా అయినా" అన్నాడు. డిసెంబరు 30న భారత్ 184 పరుగులతో ఓడిపోయిన సంగతి మనకు తెలుసు. 28 సాయంత్రం మైదానంలో ఎవరికీ తెలియదు. సారాంశం రాసేవాడికి ముగింపు తెలుసు, అది చెప్పడం అతని ధర్మం. వ్యాఖ్యాతకు తెలిసినది అప్పటికి పడిన బంతి వరకే. 99 దగ్గర ఉన్నవాడికి 105 సంగతి చెప్పకూడదు.

సాయంత్రం పొద్దు వాలాక వాడు మొదటి నుంచి చెప్పాడు. మందు డ్రమ్ము కడుగుతున్నాయన, అక్క, నేను శ్రోతలం. సెంచరీ తర్వాత నితీశ్ మోకాలి మీద కూర్చుని, బ్యాటు నిలబెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టడం, గ్యాలరీలో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు పెట్టుకోవడం పేపర్లో ఉన్నవే కాబట్టి తీరిగ్గా చెప్పాడు. అక్క కళ్లు తుడుచుకుంది. వాడు చెబుతున్నంతసేపూ నేను అట్ట వెనక వైపు విన్న పరుగులే విన్నట్టు వేసుకుంటూ పోయాను. ఆగాక రెండు వైపులా తిప్పి చూశాం. 348, 350, 354, 358. తొమ్మిది వికెట్లు.

పండక్కి మైకు పట్టబోయే పిల్లలందరికీ ఇదే చెబుతాను. మీ వ్యాఖ్యానాన్ని మ్యాచ్ చూడని ఒకరికి వినిపించి, విన్నదాన్ని బట్టి స్కోరు వేయమనండి. దాన్ని పేపరు పక్కన పెట్టండి. పరుగు, వికెట్, పేరు, వరస, ఈ నాలుగూ కలిస్తే ఇక గొంతు చించుకుని అరవండి. ఒక్కటి కలవకపోయినా, ఎంత బాగా అరిచినా, మీరు చెప్పింది వేరే మ్యాచ్.