చెరువు గట్టు మీద ఒక గంట

ఏవండీ, మీ చేతికింద నలుగురు పనిచేస్తుంటే వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటున్నారా? కూర్చుంటున్నామంటారు. మరి ఆ కూర్చున్నంతసేపూ ‘ఎంతవరకు వచ్చింది, ఎప్పటికవుతుంది’ అని అడగడంతోనే సరిపోతోందేమో చూసుకోండి.

భీమవరం వైపు రొయ్యల మేత కంపెనీ ఒకటుందనుకోండి. చెరువులు తిరిగే కుర్రాడు ఎంత మేత పడింది, చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, రొయ్య ఏ కౌంటుకొచ్చింది, అన్నీ రోజూ వాట్సాప్‌లో పెట్టేస్తాడు. శనివారం మేనేజరు మళ్లీ అవే అడిగితే ‘ఆయ్, బానే ఉందండీ’ అంటాడు. ఓ రైతు పాత బాకీ తీర్చకుండా వేరే కంపెనీ మేత వేస్తున్నాడనీ, అడగబోతే కసిరాడనీ మాత్రం చెప్పడు. చెబితే ‘వసూలు చేసుకురా’ అంటారని తెలుసు కదా!

ఇంటెల్‌ని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో వచ్చిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’లో ఇలా విడిగా కూర్చోవడం గురించి రాశాడు. ఈ భేటీ కింది ఉద్యోగిదేనట. ఏం మాట్లాడాలో అతనే రాసుకురావాలి. గంటైనా ఉండాలి, లేకపోతే చప్పున తేలిపోయే చిన్న సంగతులే ఎత్తుతాడు. వీలైతే అతను పనిచేసే చోటే కూర్చోవాలి.

ఆ చివరి మాట మన చెరువులకి బాగా పనికొస్తుంది. మేనేజరే గట్టు మీది షెడ్డుకెళ్లి, ‘ఈ వారం ఏ చెరువుకెళ్లడానికి మనసొప్పలేదు?’ అని అడగాలి. కుర్రాడు ఓ పేరు చెప్పి ఆగుతాడు. ‘ఏమైందక్కడ?’ అని ఇంకొక్క ప్రశ్న వేసి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే మనవాళ్లకి చచ్చేంత కష్టం! సలహా నాలుక చివరే ఉంటుంది మరి. కాసేపాగితే బాకీ సంగతి బయటికొస్తుంది. అప్పుడు, ‘బాకీ మాట నేను మాట్లాడతా, నువ్వు నీళ్లూ మేతా చూసుకో’ అని చెప్పి నోటుపుస్తకంలో రాసుకోవాలి. వచ్చే శనివారం మొట్టమొదట ఆ మాటే ఎత్తాలి. మాట్లాడలేకపోతే లేదనే చెప్పాలి. కుర్రాడికి నమ్మకం కుదిరేది ఆ రెండో శనివారమే.

అక్కడ విన్నది సోమవారం పదిమందిలో ఎత్తితే ఇక జన్మలో నోరు విప్పడు. అలాగని అన్నీ దాస్తానని మాటివ్వకూడదు. రైతు నిషేధించిన యాంటీబయాటిక్ వాడుతున్నాడని తెలిస్తే పైకి చెప్పక తప్పదు, ఎగుమతి సరుకు వెనక్కొచ్చే వ్యవహారమది. ఆ సంగతి మొదటి రోజే చెప్పేయండి.

సరిగ్గా నడుస్తోందో లేదో తెలియాలంటే, చెరువులో రొయ్య తేలిందన్న కబురు ముందు ఎవరు చెప్పారో చూడండి. డీలరు నోటి నుంచి మీకు చేరితే మీ శనివారాలు ఇంకా లెక్కల అప్పజెప్పుడే. పట్టుబడి ఉండి ఓ వారం కుదరకపోతే ఆదివారమైనా కూర్చోండి గానీ, ‘వచ్చేవారం చూద్దాంలే’ అని మాత్రం అనకండి.