కబురు చేరిందా అని మామ్మ అడిగింది



నాది మొగల్తూరు. ఎరుకల అమ్మాయిని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. ఏలూరులో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఈ సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర జరిగింది ఒకటి రాయాలనిపించింది. టారో కార్డుల గురించి. "ఎరుకల పిల్ల జోస్యం గురించి కాక ఇంకేం రాస్తుందిలే" అని నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వండి, పర్లేదు. మా మామ్మ సోది చెప్పి మా నాన్నని పెంచింది. నాకు సిగ్గేం లేదు.

ముందు అసలు సంగతి. నాకు ఒక అబ్బాయి అంటే ఇష్టం. మా కాలేజీలోనే సీనియర్, ఇరవై రెండేళ్ళు. బుట్టాయగూడెం వైపు కోయ అబ్బాయి. ఇద్దరం ఎస్టీలమే కదా, గొడవేముంది అనుకుంటారు బయటివాళ్ళు. మనకి తెలుసు ఎంత గొడవుందో. ఏజెన్సీ వాళ్ళకి మైదానం ఎరుకలోళ్ళంటే ఒక మాట ఉంటుంది. మావాళ్ళకి కొండవాళ్ళంటే ఇంకో మాట ఉంటుంది. సర్టిఫికెట్ మీద ఒకటే, పెళ్ళి దగ్గర మాత్రం ఎవరి లెక్క వాళ్ళది. "మీ ఇంట్లో ఒప్పుకుంటారా" అని అడిగితే అతను "చూద్దాంలే" అంటాడు. ఏడాది నుంచి అదే మాట.

హాస్టల్‌లో మా రూమ్మేట్ దగ్గర టారో పేక ఉంది. 1909లో లండన్‌లో అచ్చయిన రైడర్ పేక, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. ఇప్పుడు ఫోన్లలో కనిపించే టారో బొమ్మలు చాలావరకు దాన్ని చూసి గీసినవే. మొత్తం 78 కార్డులు. అందులో 22 పెద్ద కార్డులు, మిగతా 56 మన పేకముక్కల్లాగా నాలుగు రంగులు. ఒక్కో రంగులో రాజు, రాణి, గుర్రపు రౌతుతో పాటు పేజ్ అని ఒక కుర్రాడు ఉంటాడు. అసలు ఇది ఇటలీలో ఐదారొందల ఏళ్ళ కింద ఆడుకునే పేకే. జోస్యానికి వాడడం తర్వాతెప్పుడో ఫ్రాన్స్‌లో బాగా వ్యాపించింది. నేను ఆరు నెలల్లో నేర్చుకుని ఫ్లోర్‌లో అందరికీ చెప్తున్నాను. సెలవులకి పేక అడిగి తెచ్చుకున్నాను.

భోగి ముందు రోజు మధ్యాహ్నం, మామ్మ వసారాలో బుట్ట అల్లుతోంది. నేను పక్కన ఈతాకు చాప మీద కూర్చుని నా కోసం నేనే వేసుకున్నాను. ప్రశ్న: వాళ్ళింట్లో ఒప్పుకుంటారా? మూడు కార్డులు. తియ్యకముందే ఏ చోటు దేనికో అనుకుని పెట్టుకున్నాను. మొదటిది ఇప్పుడు మాట ఎక్కడుంది అనేదానికి. రెండోది ఆ ఇంట్లో తూకం ఎవరి చేతిలో ఉంది అనేదానికి. మూడోది అడ్డు ఏంటి అనేదానికి. ఇలా ముందే అనుకోకపోతే, కార్డు చూశాక మనకి నచ్చిన చోట దాన్ని కూర్చోబెట్టేస్తాం.

వచ్చినవి ఇవి. మొదటి చోట పేజ్ ఆఫ్ కప్స్, అదీ తలకిందులుగా. రెండో చోట ఎంప్రెస్. మూడో చోట ఎంపరర్.

నేను చదివింది రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంప్రెస్ అంటే వాళ్ళమ్మ, ఆవిడ మెత్తగా ఉంటుంది, మన వైపే. ఎంపరర్ అంటే వాళ్ళ నాన్న, అడ్డం పడతాడు. పేజ్ అంటే చిన్నవాడు, వాళ్ళ తమ్ముడేమో, వాడికి నేను నచ్చను. అయిపోయింది. ఏడుపొచ్చింది. కార్డులు కలిపి మళ్ళీ వేశాను. వేరేవి వచ్చాయి. నచ్చలేదు. మూడోసారి వేశాను. అప్పటికి ఏ జవాబు నమ్మాలో నాకే తెలీలేదు. నచ్చే జవాబు వచ్చేదాకా వేస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అది వస్తుంది. అప్పుడు చెప్పింది కార్డు కాదు, మన ఆశే.

మామ్మ బుట్ట పక్కన పెట్టి "మొదటేసినవి మళ్ళీ పెట్టు" అంది. పెట్టాను.

"ఈ కుర్రోడెవడే?" అంది పేజ్ మీద వేలు పెట్టి.

"రాజుగారి కొలువులో కబుర్లు మోసేవాడు మామ్మా."

"చేతిలో ఏటది?"

"గిన్నె. అందులోంచి చేప తలెత్తి చూస్తోంది. ఈడు దాన్నే చూస్తున్నాడు. వెనక సముద్రం."

మామ్మ కాసేపు చూసింది. "కబురు పట్టుకెళ్ళాల్సినోడు చేపతో మాటాడతా నిలబడిపోయేడు. పైగా తలకిందులు. కబురు చేరిందా మరి?"

నాకు నోట మాట రాలేదు.

మామ్మ అప్పుడు సోది సంగతి చెప్పింది. గడప ముందు బుట్ట దింపి, చేటలో బియ్యం పోయించుకుని, వచ్చినావిడ చెయ్యి పట్టుకుని అమ్మవార్లని తలుచుకునేది. అది అందరికీ కనిపించే భాగం. కనిపించని భాగం, మాట ఎత్తేలోపు ఇంటిని చూడడం. తలుపు చాటున ఎవరున్నారు, ఎవరు లోపలికెళ్ళిపోయారు, ఎవరి పేరు చెప్తే ఈ చెయ్యి బిగుసుకుంది. "సంబంధం సంగతడిగే ఆడమనిషి కాడ నేను మొదట తేల్చుకునేది ఒకటే. మాట ఇంకా మీ నోట్లోనే ఉందా, ఆళ్ళ చెవిన పడిందా అని. పడని మాటకి ఔను, కాదు ఏటుంటాయే? ఇంకోటి. చెయ్యి నా చేతిలో లేని మనిషి మనసు నాకు తెలీదు. నీ బొమ్మలకీ తెలీదు."

టారో చెప్పేవాళ్ళు కూడా ఇదే అంటారు, నేనే చెవిన పెట్టలేదు. ఎదుట లేని మనిషి ఏం చేస్తాడని అడగొద్దు, నా వైపు నుంచి నాకు ఏం కనపడట్లేదో అడగమంటారు. కార్డు తలకిందులుగా రావడం కూడా నేను కలిపేటప్పుడు తిప్పినందుకే. దానికి వాళ్ళ ఇల్లు తెలీదు. కానీ నేను ఏడాదిగా అడగని ప్రశ్న అది నా ముందు పెట్టింది.

అప్పుడు ఆ మూడు కార్డుల్నీ మళ్ళీ నిదానంగా చదివాను. ఈసారి అమ్మ, నాన్న, తమ్ముడు అని పేర్లు అంటించకుండా, బొమ్మలో ఉన్నది చూసి.

ఎంప్రెస్ కార్డులో ఆవిడ మెత్తల మీద కూర్చుంటుంది. తల మీద పన్నెండు నక్షత్రాల కిరీటం, బట్టల మీద దానిమ్మ పళ్ళు, ముందు పండిన గోధుమ చేను. మన వైపైతే వరి చేను అనుకోవచ్చు. అందరూ ఆవిడ్ని మంచి తల్లి అని చదివేస్తారు. కానీ చేను ఆవిడది. ఇంట్లోకి ఏది రావాలి, ఏది పెరగాలి అన్నది ఆవిడ చేతిలో ఉంటుంది. అలాంటి మనిషి కాదనాలంటే నోటితో అనదు. పలకరించడం తగ్గిస్తుంది, అన్నం పెట్టేటప్పుడు చూడదు. తూకం చోట ఆవిడ వచ్చిందంటే ఒప్పుకుందని కాదు. ముందు ఆవిడకి చెప్పాలని.

ఎంపరర్ రాతి గద్దె మీద కూర్చుంటాడు. గద్దెకి పొట్టేలు తలలు, ఎర్ర బట్ట కింద ఇనప కవచం, వెనక మొండి కొండలు. ఆయన్ని చూస్తే భయమేస్తుంది. కానీ ఆయన అడ్డు ఎప్పుడూ కట్టుబాటు రూపంలో వస్తుంది, బయటికే చెప్తాడు. ఏ ఊరు, ఏ ఇంటిపేరు, ఏం సంపాదిస్తావు. బయటికి చెప్పిన దానికి జవాబు చెప్పొచ్చు. అందుకే నాకిప్పుడు ఎంపరర్ కంటే ఎంప్రెస్ దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది. ఇంకోటి, ఎంపరర్ అంటే ఒక మనిషే అవ్వక్కర్లేదు. కుల పెద్దలు కూర్చునే చోటు కూడా కావచ్చు.

ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేశాను. ఒప్పుకుంటారా అని అడగలేదు. "ఇంట్లో చెప్పావా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "చెల్లికి చెప్పాను" అన్నాడు. అంతే. ఏడాది నుంచి నేను భయపడుతున్న వాళ్ళ నాన్నకి నేనొకదాన్ని ఉన్నానని కూడా తెలీదు. కోపం వచ్చింది, తిట్టాను కూడా. తర్వాత ఒకటే అడిగాను: ముందు మీ అమ్మకి చెప్పు, ఒక్కదానికే, పనిలో ఉన్నప్పుడు కాదు, కూర్చోబెట్టి.

కనుమ నాడు చెప్పాడు. వాళ్ళమ్మ ఔననలేదు, కాదనలేదు. "ఆ పిల్లకి మన మాట వచ్చా?" అని అడిగిందట. కోయ మాట. రాదు. మా ఇంట్లో మేం మాట్లాడేది ఎరుకల బాస, అది అతనికి రాదు. ఇద్దరం తెలుగులో ప్రేమించుకున్నాం. ఆవిడ అడిగింది చిన్న ప్రశ్న కాదు. రేపు నా ఇంట్లో నాతో ఏ బాసలో మాట్లాడుతుంది అని అడిగింది.

నాలుగు రోజుల తర్వాత ఆవిడే వాళ్ళాయనకి చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే: "ఏ గట్టు?" తెలియని వాళ్ళకి చెప్తున్నా, కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు ఇలా ఉంటాయి. ఒకే గట్టు వాళ్ళు అన్నదమ్ముల లెక్క, పెళ్ళి కుదరదు. నాకు గట్టు లేదు. మాలో సాతుపాడి, కావడి, మానుపాడి, మేంద్రగుత్తి అని ఉంటాయి, మేం సాతుపాడి. ఆయన లెక్కలో నాకు గడే లేదు. కాదనడానికి కూడా గడి ఉండాలి కదా. "పెద్దల్ని అడగాలి" అన్నాడట. ఎంపరర్ అంటే కూర్చునే చోటు అనుకున్నది ఇక్కడ సరిగ్గా సరిపోయింది. కార్డు ముందే చెప్పిందని మాత్రం అనను. ఏ కులంలో పెళ్ళి మాటైనా చివరికి అక్కడికే చేరుతుంది.

ఈ నెలలో వాళ్ళమ్మ ఫోన్‌లో నాతో రెండుసార్లు మాట్లాడింది. రెండోసారి నీళ్ళు, అన్నం, రా, కూర్చో అనే మాటలు కోయలో చెప్పి పలికించింది. నేను తప్పు పలికితే నవ్వింది. ఆ నవ్వుకి అర్థం ఏంటని పేక తియ్యాలనిపించింది. తియ్యలేదు. పెద్దలు ఇంకా కూర్చోలేదు.

మా నాన్నకి మాత్రం నేనింకా చెప్పలేదు. అతన్ని తిట్టిన నోటితోనే ఇది రాస్తున్నాను. సెలవులైపోయి హాస్టల్‌కి బయల్దేరుతుంటే మామ్మ పేక నా సంచిలో పెడుతూ, పేజ్ కార్డు పైకి తీసి నాకు చూపించింది. "ఇది ఆ కుర్రోడేనా, నువ్వా?" అంది.

వచ్చే ఆదివారం ఇంటికెళ్తున్నాను. నాన్నకి చెప్పడానికి.

జోహార్.