తీసేసిన ఫోటో

మధురవాడలో మా వాకింగ్ గ్రూపులో ఒక ఫోటో ఇరవై నిమిషాలు ఉండి మాయమైంది. దాని జాగాలో "This message was deleted" అన్న లైను మిగిలింది. ఫోటో పోయినా మాట పోలేదు. ఎర్రమట్టి దిబ్బల్ని మళ్ళీ తవ్వేస్తున్నారంటూ కలెక్టరుకి ఫిర్యాదు రాయడం మొదలైంది. చూసినవాళ్ళలో ఒకరు రెండు పొక్లెయిన్లు అంటారు, ఇంకొకరు లారీల వరస అంటారు.

భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బల్ని 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. వాటిమీద ఎవరైనా చెయ్యేస్తే ఊరుకోకూడదు. అందుకే ఫిర్యాదులో రాసే ప్రతి ముక్కకీ ఆధారం ఉండాలి.

ఫోటో పెట్టిన అక్కకి విడిగా రాశాను. తీసేసినవాళ్ళకి ఏదో కారణం ఉంటుంది. అందరిముందూ అడిగితే అది నిలదీయడమే అవుతుంది.

"అక్కా, పొద్దున మీరు పెట్టి తీసేసిన ఫోటో మళ్ళీ పంపగలరా? నాకు గుర్తున్నది ఇదీ: ఎర్రమట్టి గట్టు, దాని కింద పసుపు రంగు పొక్లెయిన్ ఒకటి, వెనకాల తాటిచెట్లు. లారీలు నేను చూడలేదు. ఏ రోజుదో, ఎవరి స్థలమో ఫోటోలో లేదు. పంపితే డాక్యుమెంటుగా పంపండి. ఇబ్బందైతే వద్దు, ఎందుకు తీశారో చెప్పినా చాలు."

గుర్తున్నది రాస్తే ఏ ఫోటో అడుగుతున్నానో ఆవిడకి తెలుస్తుంది. నేను తప్పుగా గుర్తుపెట్టుకుంటే దిద్దుతుంది కూడా. అందుకే కంటికి కనిపించినదే రాశాను. "అక్రమంగా తవ్వుతున్నారు" అని రాయలేదు. అది ఫోటోలో కనిపించే విషయం కాదు.

డాక్యుమెంటుగా అడగడానికి కారణం ఫైలు పేరు. మామూలు ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, పేరు కనిపించదు. డాక్యుమెంటుగా పంపితే పేరుతో సహా వస్తుంది.

సాయంత్రానికి వచ్చింది: `IMG-20240717-WA0031.jpg`. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ నుంచి దిగిన బొమ్మలకి ఇలాంటి పేరే ఉంటుంది. మధ్యలో ఉన్నది తేదీ, 2024 జూలై 17. అది తీసిన రోజు కాదు, ఆ ఫోన్లోకి వచ్చిన రోజు. అంటే ఫోటో అంతకన్నా కొత్తది కాదు. భీమిలి దగ్గర దిబ్బల్ని చదును చేస్తున్నారని గొడవైంది ఆ నెలలోనే. ఎవరో మార్చిన పేరైతే ఈ లెక్క చెల్లదు గానీ, ఇక్కడ అక్క మాట కూడా దానితో కలిసింది.

"గ్యాలరీలో కనిపిస్తే కొత్తదనుకుని పెట్టేశానమ్మా. పాతదని మా అబ్బాయి చెప్పాక తీసేశాను," అంది. గ్యాలరీ నుంచి పెట్టింది కాబట్టే దానిమీద ఫార్వర్డెడ్ అన్న గుర్తు కూడా లేదు.

ఆవిడ ఒప్పుకున్నాక ఫోటోనీ, తేదీనీ గ్రూపులో పెట్టాను. పొక్లెయిన్ ఒకటే, లారీలు లేవు. ఫిర్యాదు ఆగింది. ఇప్పుడు అక్కడ ఎలా ఉందో ఆదివారం ఇద్దరం వెళ్ళి చూడాలి, ఫోటోలు ఆ రోజు మా ఫోన్లతోనే తీయాలి.