పద్దెనిమిది బిందెలు

గ్రామసభకు ముందు మా చేతికొచ్చినవి 22 స్లైడ్లు, జల్ జీవన్ మిషన్ పనివి. ఊళ్ళో అందరికీ అర్థమయ్యేలా ఒక్క కాగితం రాసి గోడకు అంటించమన్నారు.

మొదట్లోనే “55 ఎల్‌పీసీడీ” అని ఉంది. అంటే మనిషికి రోజుకు 55 లీటర్లు. కానీ మా అమ్మల కొలత లీటరు కాదు, బిందె. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. మా బిందెకు 15 పడతాయి. అందుకని “ఇంటికి రోజుకు 18 బిందెలు” అని రాశాం.

ట్యాంకు చోటు మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క. నడిచి వెళ్ళి చూశాం. అది చింతచెట్టు పక్క మెట్ట, ఒక అవ్వ చోళ్ళు చల్లుకునే చోటు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఊరి వాటా సంగతి ఆఖరి స్లైడులో చిన్న అక్షరాల్లో ఉంది. మాలాంటి గిరిజన గ్రామాలకు 5 శాతం, డబ్బుగానే కాదు, కూలిపనిగానూ ఇవ్వొచ్చు. దాన్ని పైకి తెచ్చాం.

“మన ఊరికి కుళాయిలు వస్తాయి” అని ముగించి అవ్వకు చదివి వినిపించాం.

“వచ్చేస్తే ఇంక సభకు మేమెందుకు నాయనా?” అంది.

సిగ్గేసింది. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇలాంటి పనికి ముందుగా గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాం: “కుళాయిలు వేద్దామంటున్నారు. ట్యాంకు చింతచెట్టు మెట్ట మీద అంటున్నారు. సరేనా, వేరే చోటు చూపాలా? మంగళవారం సభలో మనమే చెప్పాలి.”

ఒక కాగితం డిపో గోడకు, ఇంకొకటి బోరింగు దగ్గర అంటించాం.