గడ్డిలో పెట్టిన పండు

నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. సెమినార్ అనగానే మా పిల్లలు పుస్తకంలో మొదటి పేరా మొదటి స్లయిడ్‌కి ఎక్కించేస్తారు. ఆ సంవత్సరం రెడ్డిగూడెం నుంచి వచ్చే ఒక అబ్బాయికి 'పండ్లు మాగడంలో ఇథిలీన్ పాత్ర' అనే అంశం పడింది. అతని మొదటి స్లయిడ్‌లో మిథియోనిన్, దాన్నుంచి ఎస్-అడినోసిల్ మిథియోనిన్, దాన్నుంచి ఏసీసీ, చివరికి ఇథిలీన్. అన్నీ బాణం గుర్తులే. తప్పేం లేదు. కాకపోతే ఆ బాణాల అవసరం వినేవాడికి ఇంకా పుట్టలేదు.

"మీ ఇంట్లో కాయలెట్లా మాగేస్తార్రా?" అని అడిగాను.

"గడ్డిలో పెడతాం సార్. మధ్యలో ఒక పండు పెట్టమంటది నాయనమ్మ."

"పండెందుకు?"

"తెలీదు సార్. పెడితే తొందరగా మాగుతయ్."

అతను వెతుకుతున్న ప్రారంభం ఆ 'తెలీదు'లోనే ఉంది. ఇద్దరం కూర్చుని రాసుకున్నది ఇది:

"అందరికీ నమస్కారం. తోటలో కోసిన బంగినపల్లి కాయల్ని మా ఇంట్లో గడ్డిలో మాగేస్తాం. మా నాయనమ్మ వాటి మధ్య ఒక పండు పెడుతుంది. ఆ పండు లేకపోయినా కాయలు మాగుతాయి, కాకపోతే ఆలస్యంగా, ఒక్కోటి ఒక్కో రోజున. పండు ఉంటే త్వరగా, దాదాపు ఒకేసారి మాగుతాయి. పండులోంచి కాయకు ఏదో చేరింది. అది కంటికి కనపడని వాయువు, పేరు ఇథిలీన్. అది సోకిన కాయ ఊరికే మెత్తబడి ఊరుకోదు, తను కూడా ఇథిలీన్‌ను ఎక్కువగా తయారుచేయడం మొదలుపెడుతుంది. అది పక్క కాయకు సోకుతుంది. అందుకే గంపంతా కలిసి మాగుతుంది. కాయ తనలోపల ఈ వాయువును దేంతో, ఎలా తయారుచేస్తుందన్నదే ఈ రోజు నా అంశం."

తాపీగా చదివినా రెండు నిమిషాలు పట్టదు. ఇందులో సాంకేతిక పదం ఒక్కటే, అది కూడా కథ సగం నడిచాక వచ్చింది. అప్పటికి వినేవాడి మనసులో పేరులేని వస్తువు ఒకటి తయారై ఉంటుంది, పేరు దానికి అతుక్కుంటుంది. చివరి వాక్యం తర్వాత బాణాల స్లయిడ్ పడితే అది ఒక ప్రశ్నకు జవాబుగా కనిపిస్తుంది.

రాసేటప్పుడు రెండు విషయాల్లో మాకు వాదన జరిగింది. పండు కాయలతో 'మీరూ మాగండి' అని చెబుతుందని అతను రాశాడు. వినడానికి ముద్దుగా ఉంటుంది కానీ కొట్టేయించాను. పండు 'చెప్పింది', కాయ 'విన్నది' అనేస్తే కథ అక్కడే అయిపోతుంది. వాయువు సోకిన కాయ తనే వాయువు పుట్టిస్తుందన్న అసలు సంగతి దాని కింద పడి కనపడదు.

రెండోది, 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ చేసిన ప్రయోగం. ప్రయోగశాల గాలిలో కలిసిన దీపాల గ్యాసు వల్ల అతని బఠాణీ మొలకలు నిటారుగా లేవకుండా అడ్డంగా పెరిగాయి. కారణం ఆ గ్యాసులోని ఇథిలీన్ అని తేల్చాడు. చక్కటి కథే. కానీ వినేవాడు మామిడి గంప దగ్గర ఉంటే బఠాణీల దగ్గరకు లాక్కుపోవడం ఎందుకు? దాన్ని తర్వాతి స్లయిడ్‌కి పంపించాం. పండిన యాపిల్ ఇథిలీన్ వదులుతుందని 1934లో గేన్ నిరూపించిన సంగతికి జతగా అక్కడ బాగా కుదిరింది.

నాయనమ్మ కథ ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పమన్నాను. గడ్డిలో ఎంత మంచి పండు పెట్టినా మరీ లేత కాయ సరిగా మాగదు, వడలిపోతుంది. తొడిమ దగ్గర భుజాలు లేచి, లోపల ముదిరిన కాయే మాగుతుంది.

ప్రారంభం పనిచేసిందో లేదో చప్పట్లను బట్టి తెలియదు. వినేవాళ్లు కథను తమంతట తాము ఇంకో మెట్టు ఎక్కించగలగాలి. అందుకే స్లయిడ్ మార్చే ముందు ఆగి, "పండు బదులు కార్బైడ్ పెడితే?" అని అడగమన్నాను. అడిగాడు. వెనక బెంచీలోంచి "అదీ గ్యాసే వదులుద్ది" అని జవాబొచ్చింది. నిజమే. తేమ తగిలిన కాల్షియం కార్బైడ్ ఎసిటిలీన్ వదులుతుంది. ఇథిలీన్ చేసే పనే అది కూడా చేస్తుంది, కానీ బలహీనంగా. తోలు పసుపెక్కినా కండ పుల్లగా ఉండిపోవచ్చు. పైగా బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. మన దేశంలో దాంతో పండ్లు మాగేయడం నిషేధం. ఇథిలీన్ వాయువునైతే 100 పీపీఎం దాకా వాడుకోనిస్తారు.

సెమినార్ అయ్యాక ఒకమ్మాయి లేచి, "ద్రాక్ష గుత్తుల మధ్య మాగిన పండు పెడితే అవీ తియ్యబడతాయా?" అంది. నాకైతే ఆ రోజు వచ్చిన ప్రశ్నల్లో అదే మేలైంది. అబ్బాయి కాస్త తడబడి, లేదన్నాడు. ద్రాక్ష కోశాక మామిడిలా మాగదు, పుల్లగా కోస్తే పుల్లగానే ఉంటుంది, అందుకే తీపి ఎక్కిందాకా తీగమీదే ఉంచుతారని చెప్పాడు.